పాఠం 17: తేలు కుట్టినప్పుడు – నొప్పిని కాదు, బిడ్డను చూడండి

17.1 పరిచయం

సాయంత్రం పొయ్యి కోసం కొబ్బరి డొక్కలు తీస్తుంటే వేలికి ఏదో చురుక్కుమంటుంది. నిప్పు తగిలినట్టు మంట వేలి నుంచి మోచేతి దాకా పాకుతుంది. తేలు కుట్టినవారికి ఈ మంట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇంట్లో అందరి దృష్టీ ఆ మంట మీదే ఉంటుంది. మంట తగ్గితే గండం గడిచిందని అనుకుంటారు.

పెద్దల విషయంలో ఈ లెక్క చాలాసార్లు సరిపోతుంది. చిన్నపిల్లల విషయంలో మాత్రం ఇది తప్పుదారి పట్టించవచ్చు. ఎందుకో, అలాంటప్పుడు మంటకు బదులు దేనిని చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తేలు విషం శరీరంలో ఏం చేస్తుందో చెప్పగలుగుతారు.
• ఇంట్లో చేయవలసిన ప్రథమ చికిత్సను వరుసగా చేయగలుగుతారు.
• పిల్లలను ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన గుర్తులను కనిపెట్టగలుగుతారు.
• దీవుల్లో ఉన్నప్పుడు ప్రయాణ సమయాన్ని లెక్కలోకి తీసుకొని నిర్ణయించగలుగుతారు.

17.3 అన్ని తేళ్ళూ ఒకటి కావు

తేలు తోక చివర చిన్న ఉబ్బు, దానికి వంకీలాంటి ముల్లు ఉంటాయి. ఈ ముల్లునే కొండి అంటాం. ఉబ్బులో విషపు తిత్తులు ఉంటాయి. కొండి గుచ్చుకోగానే విషం చర్మం కిందికి చేరుతుంది.

పెద్దగా, నల్లగా, లావు పట్టకార్లతో ఉండే మండ్రగబ్బను చూస్తే మనకు భయం వేస్తుంది. నిజానికి దాని విషం సాధారణంగా నొప్పితోనే ఆగిపోతుంది. ఎక్కువ ప్రమాదం ఎర్రతేలుతో. ఇది మన చూపుడు వేలంత కూడా ఉండకపోవచ్చు. దీని పట్టకార్లు సన్నగా, తోక లావుగా ఉంటాయి. కోస్తా ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణ, మహారాష్ట్రలోని కొంకణ ప్రాంతాల్లో పిల్లల ప్రాణాలు తీసింది ఈ తేలే.

అండమాన్ అడవుల్లో, ఇళ్ళ చుట్టూ కూడా తేళ్ళు ఉన్నాయి. పుచ్చిన దుంగలు, కట్టెల మోపులు, డొక్కల కుప్పలు వాటికి ఇష్టమైన చోట్లు. ఇక్కడ తేలు కుడితే చాలావరకు మంట, వాపు, తిమ్మిరితో సరిపోతుంది. పెద్ద జెర్రి కరిచినా ఇలాగే భరించలేని మంట పుడుతుంది. దీనినే ఇక్కడి హిందీలో కన్‌ఖజూరా అంటారు.

అయినా అండమాన్‌లోని తెలుగు కుటుంబాలకు ఈ పాఠం రెండు విధాల అవసరం. ఒకటి, సెలవుల్లో పిల్లలతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లోని సొంత ఊళ్ళకు వెళ్తారు. అక్కడ కుట్టేది ఎర్రతేలు కావచ్చు. రెండు, రాత్రి చీకట్లో కుట్టిన తేలు ఏ జాతిదో ఎవరూ చెప్పలేరు. అందుకే తేలును గుర్తుపట్టడం కంటే, కుట్టిన తరువాత బిడ్డలో వచ్చే మార్పును గుర్తుపట్టడం ముఖ్యం.

17.4 విషం ఏం చేస్తుంది?

ఎర్రతేలు విషం నరాల మీద పనిచేస్తుంది. నరాల గోడల్లో చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. అవి సమయానికి తెరుచుకుంటూ, మూసుకుంటూ సంకేతాలు పంపుతాయి. విషం వీటి పనిని చెడగొడుతుంది. దాంతో నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. మనం భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్ వంటి రసాయనాలు అప్పుడు శరీరంలోకి వెల్లువలా వచ్చిపడతాయి.

మొదట చెమటలు, వాంతులు, నోటి నుంచి చొంగ వస్తాయి. ఆ తరువాత చేతుల్లో, కాళ్ళలో రక్తనాళాలు బిగుసుకుంటాయి. అక్కడికి రక్తం సరిగా చేరదు కాబట్టి అవి చల్లబడతాయి.

ఇప్పుడు గుండె పరిస్థితి ఊహించండి. నీటి మోటారు నడుస్తూ ఉండగా కుళాయిని దాదాపు మూసేస్తే మోటారు మీద ఎంత ఒత్తిడి పడుతుంది? గుండె మీద కూడా అలాగే పడుతుంది. కొంతసేపటికి గుండె అలసిపోతుంది. ముందుకు వెళ్ళలేని రక్తం వెనక్కి, ఊపిరితిత్తుల వైపు నిలిచిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. బిడ్డకు దగ్గు, ఆయాసం మొదలవుతాయి. ప్రాణం పోయేది ఎక్కువగా ఈ దశలోనే.

పిల్లలకే ఎందుకు ఎక్కువ ప్రమాదం? చిన్న లెక్క చేద్దాం. తేలు మనిషిని చూసి విషం కొలిచి వదలదు. 60 కిలోల మనిషిలోకి వెళ్ళిన విషమే 15 కిలోల బిడ్డలోకి వెళితే, ప్రతి కిలోకు అందే విషం నాలుగు రెట్లు అవుతుంది.

మరో ముఖ్యమైన విషయం ఉంది. విషం ఒళ్ళంతా పాకిన పిల్లల్లో కుట్టిన చోట నొప్పి తక్కువగా ఉండవచ్చు. నొప్పితో గట్టిగా అరుస్తున్న బిడ్డ ఒళ్ళు వెచ్చగా, పొడిగా ఉండవచ్చు. ఏడుపు మానిన బిడ్డ ఒళ్ళు చల్లగా, చెమటతో తడిసి ఉండవచ్చు. ఈ ఇద్దరిలో రెండో బిడ్డదే ఎక్కువ ప్రమాదం. నొప్పి ఎక్కడ కుట్టిందో చెబుతుంది. ప్రమాదం ఎంతో చెప్పదు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1
1. ఎర్రతేలును మండ్రగబ్బ నుంచి ఎలా గుర్తుపట్టవచ్చు?
2. విషం ఎక్కినప్పుడు చేతులు, కాళ్ళు ఎందుకు చల్లబడతాయి?

17.5 ఇంట్లో ప్రథమ చికిత్స

ఈ పనులన్నీ పది నిమిషాల్లో పూర్తవుతాయి. వరుసగా చేయండి.

మొదట బిడ్డను అక్కడి నుంచి దూరంగా తీసుకువెళ్ళండి. తేలు ఇంకా అక్కడే ఉండవచ్చు. గడియారం చూసి కుట్టిన సమయాన్ని ఒక కాగితం మీద రాయండి. తరువాత వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

కుట్టిన చోటును సబ్బుతో, నీళ్ళతో కడగండి. చేతికి కుడితే ఉంగరాలు, గాజులు, కాలికి కుడితే పట్టీలు తీసేయండి. వాపు వచ్చాక అవి బిగుసుకుపోతాయి.

మంట తగ్గడానికి ఐసు పెట్టండి. మత్స్యకారుల ఇళ్ళలో చేపల పెట్టెలో ఐసు ఉంటుంది. అది శుభ్రమైనది కాదు కాబట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, దానిపై పలుచని గుడ్డ చుట్టండి. పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీసేయండి. ఐసును నేరుగా చర్మానికి ఆనించి ఉంచితే చర్మం దెబ్బతింటుంది.

నొప్పికి పారాసిటమాల్ ఇవ్వవచ్చు. పిల్లలకు మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉంటుంది. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇవ్వాలి. 15 కిలోల బిడ్డకు 150 నుంచి 225 మిల్లీగ్రాములు అవుతుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. కొన్ని సిరప్పుల్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కొన్నింటిలో అదే 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండో రకం ఒక చెంచా నిండా పోస్తే ఈ బిడ్డకు మోతాదు దాటిపోతుంది. 3 మిల్లీలీటర్లు చాలు. అందుకే సీసా మీద రాసినది చదివి, మందుతో వచ్చిన కొలత మూతతోనే పోయండి. మళ్ళీ ఇవ్వవలసివస్తే కనీసం 4 గంటలు ఆగాలి. 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు. వాంతులు అవుతున్న బిడ్డకు, మత్తుగా ఉన్న బిడ్డకు నోటి ద్వారా ఏమీ పోయవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

చివరగా, బిడ్డను నడిపించకుండా ఒడిలో కూర్చోబెట్టుకొని దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. పెద్దవారికి మంట తప్ప మరే గుర్తూ లేకపోతే ఇంట్లో ఉండి గమనించవచ్చు. పిల్లల విషయంలో గుర్తుల కోసం ఇంట్లో ఎదురుచూడకూడదు.

చేయకూడనివి కూడా ఉన్నాయి. కుట్టిన చోటుకు పైన తాడు బిగించి కట్టవద్దు. దానివల్ల రక్తం ఆగి చేతికి హాని జరుగుతుంది. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, వాత పెట్టడం, కిరోసిన్ పోయడం వల్ల పుండు పడుతుంది కానీ విషం బయటకు రాదు. చింతగింజను రాతి మీద అరగదీసి అంటించడం మన ఊళ్ళలో పాత అలవాటు. గింజ అంటుకుంటే విషం లాగుతున్నదని అంటారు. విషం అప్పటికే చర్మం లోపలికి వెళ్ళిపోయింది. గింజ దానిని లాగలేదు. గింజ పెట్టి కూర్చున్న గంటే అసలు నష్టం.

కుట్టినదేమిటో ఎవరూ చూడకపోతే దానిని పాముకాటుగానే భావించి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అండమాన్‌లో కట్లపాము, నాగుపాము ఉన్నాయి. కట్లపాము కాటుకు నొప్పి దాదాపు తెలియకపోవచ్చు. కనురెప్పలు వాలిపోవడం పాము విషానికి ముఖ్యమైన గుర్తు.

17.6 పిల్లల్లో చూడవలసిన గుర్తులు

ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే దారిలోను, అక్కడ కూర్చున్నప్పుడు కూడా బిడ్డను పావుగంటకొకసారి తాకి చూడండి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా విషం ఒళ్ళంతా పాకిందని అర్థం. ఆసుపత్రి చికిత్స తప్పనిసరి.

చెమట: ఉక్కపోత లేకపోయినా నుదురు, వీపు తడిసిపోవడం. చొక్కా లోపల చేయి పెట్టి చూడండి.

వాంతులు, చొంగ: ఒక్కసారి వాంతి అయినా లెక్కలోకి తీసుకోండి.

చల్లని చేతులు, కాళ్ళు: మీ చేతి వెనుక భాగంతో బిడ్డ అరచేతిని, పాదాన్ని తాకండి. ఐసు పెట్టిన చేతిని కాక రెండో చేతిని చూడండి. తరువాత బిడ్డ గోరును ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. మూడు సెకన్లు దాటినా రాకపోతే రక్తం సరిగా అందడం లేదు.

శ్వాస: బిడ్డ ఏడవని సమయంలో పొట్ట లేచి పడడాన్ని ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. ఏడాదిలోపు పసివారికి నిమిషానికి 50, ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లలకు 40, అంతకు పెద్దవారికి 30 దాటితే వేగం ఎక్కువైనట్టే. దగ్గు మొదలవడం, పడుకోలేక లేచి కూర్చోవడం, నురగ రావడం మరింత ప్రమాదకరం.

ప్రవర్తన: కారణం లేకుండా కుదురు లేకపోవడం, లేదా పలకరించినా పలకకుండా మత్తుగా ఉండడం. కళ్ళు అటూ ఇటూ తిరగడం, చేతులు కాళ్ళు అదరడం, మూర్ఛ రావడం.

మగపిల్లల్లో మరో గుర్తు ఉంది. అంగం గట్టిపడి అలాగే ఉండిపోతుంది. సిగ్గుపడి ఈ విషయం దాచవద్దు. విషం ఎక్కిందనడానికి ఇది తొలి గుర్తుల్లో ఒకటి. వైద్యుడికి తప్పక చెప్పండి.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2
1. మూడేళ్ళ బిడ్డ నిమిషానికి 48 సార్లు ఊపిరి తీస్తున్నది. ఏం చేయాలి?
2. చేతులు చల్లబడ్డాయో లేదో చూడటానికి ఐసు పెట్టిన చేతిని ఎందుకు తాకకూడదు?

17.7 ఇద్దరు పిల్లలు

చదివినదాన్ని రెండు ఉదాహరణలతో సరిచూసుకుందాం. ఇవి పాఠం కోసం కల్పించినవి.

మొదటిది బాంబూఫ్లాట్‌లో. తొమ్మిదేళ్ళ బాబు సాయంత్రం 6 గంటలకు డొక్కలు తీస్తుంటే వేలికి తేలు కుట్టింది. వీధంతా వినబడేలా ఏడ్చాడు. తల్లి చేయి కడిగి, చేపల పెట్టెలోని ఐసును సంచిలో వేసి పెట్టింది. బాబు బరువు 25 కిలోలు. కిలోకు 10 చొప్పున 250 మిల్లీగ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం ఇచ్చింది. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళింది. 8 గంటలకు కూడా బాబు ఏడుస్తూనే ఉన్నాడు. కానీ ఒళ్ళు పొడిగా ఉంది. పాదాలు వెచ్చగా ఉన్నాయి. శ్వాస నిమిషానికి 24. వైద్యుడు వేలికి మత్తు సూది వేసి, రాత్రంతా కేంద్రంలోనే ఉంచి, ఉదయం ఇంటికి పంపాడు. వేలి తిమ్మిరి మర్నాడు సాయంత్రం దాకా ఉంది. అంతకుమించి ఏమీ కాలేదు.

రెండోది మే నెలలో, శ్రీకాకుళం జిల్లాలోని అమ్మమ్మ గారి ఊళ్ళో. అండమాన్ నుంచి సెలవులకు వచ్చిన నాలుగేళ్ళ పాపకు రాత్రి 9 గంటలకు అరికాలిలో కుట్టింది. అమ్మమ్మ చింతగింజ అంటించింది. ఇరవై నిమిషాలకు పాప ఏడుపు ఆపింది. “చూశావా, విషం దిగింది. పడుకోబెట్టమ్మా” అన్నది అమ్మమ్మ.

తల్లి పాపను ఎత్తుకోగానే గౌను వీపంతా తడిగా తగిలింది. అంతలో రెండుసార్లు వాంతి అయింది. ఆ ఎండాకాలపు రాత్రి పాప అరచేతులు మంచులా ఉన్నాయి. శ్వాస లెక్కపెడితే 46 వచ్చింది. “ఏడుపు తగ్గింది కానీ ఒళ్ళు చల్లబడిందమ్మా. ఇప్పుడే వెళ్ళాలి” అని ఆమె ఆటో పిలిపించింది. 10 గంటలకల్లా ఆసుపత్రిలో ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నానికి పాప చేతులు వెచ్చబడ్డాయి. మరో రోజు గమనించి ఇంటికి పంపారు.

రెండిళ్ళలోనూ నొప్పిని చూసి నిర్ణయిస్తే బాబుకు భయపడేవారు, పాపను నిద్రపుచ్చేవారు. పాపను కాపాడింది తల్లి తడి గౌనును, చల్లని చేతులను పట్టించుకోవడమే.

17.8 ఆసుపత్రిలో ఏం చేస్తారు?

ఒకప్పుడు ఎర్రతేలు విషం ఎక్కి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన వారిలో నూటికి 25 నుంచి 30 మంది చనిపోయేవారు. మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లా మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ఆయన భార్య డాక్టర్ ప్రమోదిని ఈ రోగులను దగ్గర ఉండి గమనించారు. అధిక రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే చవకైన మాత్ర బిగుసుకున్న రక్తనాళాలను వదులు చేస్తుందని, అంటే మన ఉదాహరణలోని కుళాయిని తెరుస్తుందని గ్రహించారు. 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ చికిత్స గురించి రాశారు. తరువాత ఈ మరణాలు బాగా తగ్గాయి. డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది.

తేలు విషానికి విరుగుడు మందు కూడా మన దేశంలో తయారవుతున్నది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వారే ప్రచురించిన పరీక్షలో 70 మంది రోగులు ఉన్నారు. విరుగుడు, ప్రజోసిన్ రెండూ తీసుకున్న 35 మందిలో 32 మంది పది గంటల్లో కోలుకున్నారు. ప్రజోసిన్ మాత్రమే తీసుకున్న 35 మందిలో ఆ సమయానికి కోలుకున్నవారు 8 మంది. మిగిలినవారికి ఎక్కువ సమయం పట్టింది.

మాత్ర చవకైనదే కదా, ఇంట్లో ఉంచుకోవచ్చా అని మీకు అనిపించవచ్చు. ఉంచుకోకూడదు. పిల్లలకు ఇచ్చేది కిలోకు 30 మైక్రోగ్రాములు. 14 కిలోల పాపకు 420 మైక్రోగ్రాములు, అంటే ఒక మిల్లీగ్రాము మాత్రలో సగం కూడా కాదు. మోతాదు ఎక్కువైనా, మందు వేసిన బిడ్డను లేపి నిలబెట్టినా రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. పైగా విషం ఎక్కని బిడ్డకు ఈ మందు అవసరమే లేదు. రక్తపోటు చూస్తూ వైద్యుడు ఇవ్వవలసిన మందు ఇది.

17.9 దీవుల్లో ప్రయాణం

అండమాన్‌లో ఆసుపత్రి దూరాన్ని కిలోమీటర్లలో కాక పడవ వేళల్లో కొలవాలి. గుర్తులు చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే బయటపడతాయి. కానీ ఊపిరితిత్తుల్లో నీరు కొందరిలో ఆలస్యంగా, తెల్లవారుజామున కూడా చేరవచ్చు.

షహీద్ ద్వీప్‌లో మధ్యాహ్నం 3 గంటలకు బిడ్డకు తేలు కుట్టిందనుకుందాం. సాయంత్రం దాకా చూసి, గుర్తులు కనిపిస్తే బయలుదేరుదామని ఇంట్లో కూర్చుంటే అప్పటికి పడవలు ఉండవు. జిర్కాటాంగ్ దగ్గర రోడ్డు కూడా రాత్రి తెరిచి ఉండదు. వాహనాలను నిర్ణీత వేళల్లోనే వదులుతారు.

అందుచేత బిడ్డను వెంటనే అక్కడి ఆరోగ్య కేంద్రంలో చూపించండి. నేరుగా డుంగీ ఎక్కి శ్రీ విజయపురానికి బయలుదేరవద్దు. 2024 దాకా దీని పేరు పోర్ట్ బ్లెయర్. నడిసముద్రంలో ఆయాసం మొదలైతే సహాయం అందదు. ఆరోగ్య కేంద్రంలో ఆక్సిజన్ ఉంటుంది, రక్తపోటు చూస్తారు. జీబీ పంత్ ఆసుపత్రికి పంపవలసివస్తే పడవ, హెలికాప్టర్ ఏర్పాటు గురించి వైద్యుడే మాట్లాడతారు. వాహనం కోసం 112కు ఫోన్ చేయవచ్చు.

మీతో ఒక చీటీ తీసుకువెళ్ళండి. అందులో నాలుగు విషయాలు చాలు: కుట్టిన సమయం, బిడ్డ బరువు, ఇచ్చిన మందు, మొదటి గుర్తు కనిపించిన సమయం.

దారిలో ఆయాసంగా ఉంటే బిడ్డను కూర్చోబెట్టి ఉంచండి. స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు వాంతి ఊపిరి గొట్టంలోకి పోదు.

17.10 మీరేం నేర్చుకున్నారు?

• తేలు కుట్టిన నొప్పి ప్రమాదాన్ని కొలవదు. ఏడుపు ఆగిన బిడ్డను తాకి చూడాలి.
• కడగడం, ఐసు, బరువుకు తగిన పారాసిటమాల్, వెంటనే ఆరోగ్య కేంద్రం – ప్రథమ చికిత్స ఇంతే.
• చెమట, వాంతి, చల్లని చేతులు, వేగంగా శ్వాస, మత్తు – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రి చికిత్స కావాలి.
• దీవుల్లో గుర్తుల కోసం ఇంట్లో ఆగితే పడవ వెళ్ళిపోతుంది.

17.11 పాఠాంత ప్రశ్నలు

1. చింతగింజ పెట్టాక పాప ఏడుపు ఎందుకు ఆగి ఉండవచ్చు? నాలుగు వాక్యాల్లో రాయండి.
2. మీ ఇంట్లోని పారాసిటమాల్ సిరప్ సీసా మీద రాసినది చదివి, మీ బిడ్డ బరువుకు ఎన్ని మిల్లీలీటర్లు ఇవ్వాలో లెక్కకట్టండి. మీ ఏఎన్ఎంకు చూపించి సరిచూసుకోండి.
3. మీ ఇంటి నుంచి ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి పగలు ఎంత సమయం పడుతుంది? రాత్రి అయితే?

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1: 1. ఎర్రతేలు చిన్నది. పట్టకార్లు సన్నగా, తోక లావుగా ఉంటాయి. మండ్రగబ్బ పెద్దది, నల్లనిది. పట్టకార్లు లావుగా ఉంటాయి. 2. రక్తనాళాలు బిగుసుకొని అక్కడికి రక్తం సరిగా చేరదు.

17.2: 1. ఆ వయసులో 40 దాటితే వేగం ఎక్కువైనట్టు. వెంటనే ఆసుపత్రి చికిత్స అందించాలి. 2. ఆ చేయి ఐసు వల్లనే చల్లగా ఉంటుంది. విషం వల్ల చల్లబడిందో లేదో తెలియదు.